ప్రయోగ నివేదిక శీర్షిక

ప్రయోగశాలలో చేసిన పనిని రాతలో పెట్టినప్పుడు దాని పైన ఉండే ఒకటి రెండు పంక్తుల పేరే ప్రయోగ నివేదిక శీర్షిక. దేని మీద ప్రయోగం చేశారు, అందులో ఏ రాశిని మారుస్తూ ఏ రాశిని కొలిచారు అన్నవి అది చెప్పాలి. ఏం తేలిందో చెప్పడం దాని పని కాదు. ఆ పని సారాంశానిది, ఫలితాలదీ. అందుకే మంచి శీర్షిక పూర్తి వాక్యంగా కాకుండా నామపదబంధంగా ఉంటుంది. ‘లఘులోలకం పొడవుకు, డోలనావర్తన కాలానికి గల సంబంధం’ అన్నది శీర్షిక. ‘లఘులోలకం పొడవు పెరిగితే డోలనావర్తన కాలం పెరుగుతుంది’ అన్నది ఫలితం.

ఇంటర్మీడియట్ ప్రాక్టికల్ రికార్డుల్లో శీర్షికను విద్యార్థి ఆలోచించి పెట్టాల్సిన అవసరం సాధారణంగా రాదు. ‘స్క్రూగేజి’, ‘వెర్నియర్ కాలిపర్స్’, ‘సింపుల్ పెండ్యులం’ అని పరికరం పేరే పేజీ పైన రాస్తారు. దాని కింద ‘ఉద్దేశం’ అన్న ఉపశీర్షికతో చేయాల్సిన పని ఉంటుంది. అందరూ అవే ప్రయోగాలు, అదే వరసలో చేస్తారు కాబట్టి అక్కడ పరికరం పేరు గుర్తుకు సరిపోతుంది. డిగ్రీలో ప్రాజెక్టు చేసేటప్పుడో, సైన్స్ ప్రదర్శనకు నివేదిక రాసేటప్పుడో, బయటి విశ్వవిద్యాలయంలో ల్యాబ్ కోర్సు తీసుకున్నప్పుడో ఆ అలవాటు చాలదు. అక్కడ చదివేవారికి ప్రయోగం ముందుగా తెలియదు. శీర్షిక చూసే తెలుసుకోవాలి.

శీర్షికలో ఉండాల్సిన భాగాలు

శీర్షికలో మొదటి భాగం వ్యవస్థ. కొలతలు దేని మీద తీసుకున్నారో అదే వ్యవస్థ: ఒక లోలకం, ఒక రాగి తీగ, రెండు ద్రావణాల మధ్య జరిగే చర్య, ఒక మొక్క ఆకు, ఒక ఊరి బావులు. పరికరం వేరు, వ్యవస్థ వేరు. స్టాప్‌వాచ్, థర్మామీటరు, వోల్ట్‌మీటరు కొలిచే సాధనాలు. వాటి గురించి మనం ఏమీ కనుక్కోవడం లేదు కాబట్టి అవి శీర్షికలోకి రానక్కర్లేదు.

రెండో భాగం సంబంధం. దీనికి రెండు కొసలు ఉంటాయి. ప్రయోగం చేసేవారు తమ చేతులతో మార్చిన రాశి ఒకటి. అది మారినప్పుడు ఏమవుతుందో చూడటానికి కొలిచిన రాశి రెండోది. పాఠ్యపుస్తకాలు మొదటిదాన్ని స్వతంత్ర చలరాశి అనీ, రెండోదాన్ని ఆధారిత చలరాశి అనీ అంటాయి. ఈ రెండింటిలో ఏది లేకపోయినా శీర్షిక కుంటిదే. ‘లఘులోలకం డోలనావర్తన కాలం’ అంటే దేన్ని మార్చారో తెలియదు: పొడవునా, గుండు ద్రవ్యరాశినా, ఊపు కోణాన్నా? ఈ మూడూ మూడు వేరు వేరు ప్రయోగాలు. వాటి ఫలితాలూ వేరు. పొడవును 25 సెంటీమీటర్ల నుంచి 100 సెంటీమీటర్లకు, అంటే నాలుగింతలు చేస్తే డోలనావర్తన కాలం సుమారు 1 సెకను నుంచి 2 సెకన్లకు, అంటే రెండింతలు అవుతుంది. ద్రవ్యరాశిని మారిస్తే దాదాపు ఏమీ కాదు. కోణాన్ని కొద్ది డిగ్రీల లోపల ఉంచితే తేడా కనిపించదు. 60 డిగ్రీల దాకా పోతే కాలం 7 శాతానికి పైగా పెరుగుతుంది.

శీర్షికలో రెండు కొసలూ ఉన్నాయో లేదో చూడటానికి దగ్గరి దారి నివేదికలోని ముఖ్యమైన గ్రాఫు. అడ్డ అక్షం మీద ఉన్న రాశి, నిలువు అక్షం మీద ఉన్న రాశి రెండూ శీర్షికలో కనబడాలి. గ్రాఫులో ఉష్ణోగ్రత అడ్డంగా, నిరోధం నిలువుగా ఉండి, శీర్షికలో ‘వాహకత్వం’ అన్న మాట ఉంటే ఎక్కడో ఒకచోట సరిదిద్దాలి. కొలతలు పూర్తయి గ్రాఫు గీశాకే శీర్షికకు తుదిరూపం ఇవ్వడం మేలు. ముందే పెట్టిన పేరు అనుకున్న ప్రయోగానికి చెందుతుంది. ల్యాబ్‌లో నిజంగా జరిగిన ప్రయోగం అంతకంటే చిన్నదో వేరేదో అయి ఉండవచ్చు.

నామపదబంధమా, వాక్యమా

వాక్యాన్ని గుర్తుపట్టడానికి చివర క్రియ ఉందా అని చూస్తే తెలుగులో సరిపోదు. తెలుగులో క్రియ లేని వాక్యాలు కొల్లలు. ‘ఆయన మా మాస్టారు’ అన్నది పూర్తి వాక్యమే. అలాగే ‘డోలనావర్తన కాలం పొడవు వర్గమూలానికి అనులోమం’ అన్నదాంట్లో క్రియ కనిపించకపోయినా అది తీర్పు చెప్పే వాక్యమే. దాన్ని శీర్షికగా పెడితే నివేదిక ఫలితం మొదటి పంక్తిలోనే బయటపడిపోతుంది.

అంతకంటే నమ్మదగిన పరీక్ష ఒకటి ఉంది. శీర్షిక చివర ‘గురించి’ అన్న మాట చేర్చి చదవాలి. ‘లఘులోలకం పొడవుకు, డోలనావర్తన కాలానికి గల సంబంధం గురించి’ అన్నది తడబాటు లేకుండా సాగుతుంది. ‘డోలనావర్తన కాలం పొడవు మీద ఆధారపడుతుంది గురించి’ అన్నది సాగదు. మధ్యలో ‘అన్న విషయం’ అని ఇరికిస్తే తప్ప నిలబడదు. అలా ఇరికించాల్సి వచ్చిందంటే అది వాక్యం.

వాక్యాన్ని పదబంధంగా మార్చడానికి తెలుగు ఇచ్చే సాధనాలు సులువైనవే. ‘మారుతుంది’ని ‘మార్పు’ చేయవచ్చు. ‘నీరు వాయువును పీల్చుకుంటుంది’ అన్నదాన్ని ‘నీరు పీల్చుకునే వాయువు’ చేయవచ్చు. క్రియను విశేషణంగా వంచి నామానికి ముందు పెట్టగానే తీర్పు పోయి విషయం మాత్రమే మిగులుతుంది.

అయితే ఒక చోట జాగ్రత్త పడాలి. ‘పొడవు పెరిగితే డోలనావర్తన కాలం పెరగడం’ అన్నది ‘గురించి’ పరీక్షలో నెగ్గుతుంది, కానీ ఫలితాన్ని లోపల దాచుకునే ఉంది. కాబట్టి రెండో ప్రశ్న కూడా వేసుకోవాలి: ఫలితం తారుమారై ఉంటే ఈ శీర్షిక ఇలాగే నిలిచేదా? ‘డోలనావర్తన కాలంపై గుండు ద్రవ్యరాశి ప్రభావం’ అన్న శీర్షిక, ప్రభావం కనబడినా, కనబడకపోయినా చెల్లుతుంది. ‘పెరగడం’ అన్న మాట ఉన్న శీర్షిక ఒక్క ఫలితానికే చెల్లుతుంది.

ఇందులో క్లుప్తత కంటే పెద్ద విషయం ఉంది. నివేదిక చదివేవారు ముందు విధానం చూసి, కొలతలు చూసి, తర్వాత ఫలితాన్ని తూచగలగాలి. శీర్షికే తీర్పు చెప్పేస్తే వారు ఆ తీర్పును మనసులో పెట్టుకునే పట్టిక చదువుతారు. రాసేవారి మీద కూడా దాని బరువు పడుతుంది. ‘పెరుగుతుంది’ అని పైన రాసుకున్న విద్యార్థికి, కిందికి దిగిన ఒక బిందువు పొరపాటులా కనిపిస్తుంది, కొట్టేయాలనిపిస్తుంది.

ప్రసిద్ధ నివేదికల శీర్షికలు

ఈ పద్ధతి కొత్తది కాదు. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌కు చెందిన విలియం హెన్రీ 1803లో రాయల్ సొసైటీ పత్రికలో అచ్చువేసిన పత్రం పేరును తెలుగులో చెబితే ఇలా ఉంటుంది: ‘వివిధ ఉష్ణోగ్రతల వద్ద, వివిధ పీడనాల కింద నీరు పీల్చుకునే వాయువుల పరిమాణంపై ప్రయోగాలు’. నీరు, వాయువులు వ్యవస్థ. పీల్చుకున్న పరిమాణం కొలిచిన రాశి. ఉష్ణోగ్రత, పీడనం మార్చిన రాశులు. వాయువు పీడనానికి అనులోమంగా నీటిలో కరుగుతుందని ఆ ప్రయోగాల్లో తేలింది. నేడు రసాయనశాస్త్ర విద్యార్థులందరూ చదివే హెన్రీ నియమం అదే. శీర్షికలో ఆ నియమం జాడ లేదు. అది లోపల ఉంది, ఉండాల్సిన చోట.

1887లో అమెరికాలోని క్లీవ్‌లండ్‌లో మైకెల్సన్, మోర్లీ చేసిన ప్రయోగం ఇంకా గట్టి ఉదాహరణ. కాంతి ప్రయాణించడానికి ఈథర్ అనే మాధ్యమం అంతరిక్షమంతా నిండి ఉందని అప్పటి నమ్మకం. భూమి ఆ మాధ్యమంలో కదులుతుంటే రెండు దిశల్లో పంపిన కాంతి కిరణాల మధ్య తేడా కనబడాలి. వాళ్ల లెక్క ప్రకారం పరికరాన్ని తిప్పినప్పుడు వ్యతికరణ పట్టీలు ఒక పట్టీ వెడల్పులో 0.4 వంతు జరగాలి. జరిగింది అందులో ఇరవయ్యో వంతు కంటే తక్కువేనని వారు రాశారు. వారి పత్రం పేరు ‘భూమికి, కాంతివాహక ఈథర్‌కు మధ్య సాపేక్ష చలనం గురించి’. అనుకున్నదానికి పూర్తిగా భిన్నమైన ఫలితం వచ్చినా ఆ శీర్షికలో ఒక్క అక్షరం మార్చనక్కర్లేకపోయింది. పాదరసం మీద తేలే రాతి పలకను గానీ, అద్దాల అమరికను గానీ శీర్షికలోకి తేలేదన్నది కూడా గమనించాలి. అవి సాధనాలు.

ప్రశ్నను శీర్షికగా పెట్టిన పత్రాలూ ఉన్నాయి. 1905లో ఐన్‌స్టీన్ రాసిన ఒక చిన్న పత్రం పేరు, వస్తువు జడత్వం దానిలోని శక్తి మీద ఆధారపడుతుందా అన్న ప్రశ్నే. అది సిద్ధాంత పత్రం. కొలతల నివేదిక కాదు. ఇటీవలి దశాబ్దాల్లో జీవశాస్త్ర, వైద్య పత్రికల్లో ఫలితాన్నే వాక్యంగా శీర్షికలో చెప్పే అలవాటు బాగా కనబడుతోంది. వేలకొద్దీ పత్రాల మధ్య తమ కొత్త విషయం వెంటనే కంటబడాలన్నది అక్కడి అవసరం. తరగతి ప్రయోగాల నివేదికకు ఆ అవసరం లేదు. ఒకే ఒక్క పూట తీసుకున్న పది కొలతలు సార్వత్రిక సత్యంలా వినిపించే వాక్యాన్ని మోయలేవు.

ఒక ప్రయోగం, దాని శీర్షిక

ఇంటర్, డిగ్రీ ల్యాబ్‌లలో తరచూ చేయించే ఒక ప్రయోగాన్ని తీసుకుందాం. సోడియం థయోసల్ఫేట్ ద్రావణానికి హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపితే గంధకం సన్నని రేణువులుగా విడిపోయి ద్రావణం పాలలా తెల్లబడుతుంది. సల్ఫర్ డయాక్సైడ్ కూడా వెలువడుతుంది కాబట్టి కిటికీలు తెరిచి ఉంచుతారు. తెల్ల కాగితం మీద నల్లని ఇంటూ గుర్తు వేసి, దాని మీద ఫ్లాస్కు పెట్టి, పైనుంచి చూస్తారు. ఆమ్లం పోసిన క్షణం నుంచి ఆ గుర్తు కనుమరుగయ్యే దాకా ఎంత సమయం పట్టిందో స్టాప్‌వాచ్‌తో కొలుస్తారు.

0.15 మోలార్ థయోసల్ఫేట్‌ను వరుసగా 50, 40, 30, 20, 10 మి.లీ. తీసుకుని, ప్రతిసారీ నీళ్లు చేర్చి మొత్తం 50 మి.లీ. చేశారనుకుందాం. ప్రతిదానికీ 2 మోలార్ ఆమ్లం 5 మి.లీ. కలిపారు. ఉష్ణోగ్రత మార్చలేదు. కలిపాక మిశ్రమం 55 మి.లీ. అవుతుంది కాబట్టి అందులో థయోసల్ఫేట్ గాఢత సుమారు 0.136 మోలార్ నుంచి 0.027 మోలార్ వరకు ఉంటుంది. ఆమ్లం గాఢత అన్ని ప్రయత్నాల్లోనూ ఒకటే. సమయం t అయితే, 1/t విలువను నిలువుగా, థయోసల్ఫేట్ గాఢతను అడ్డంగా పెట్టి గ్రాఫు గీశారు.

దీనికి విద్యార్థి మొదట రాసే శీర్షిక సాధారణంగా ‘రసాయన గతిశాస్త్ర ప్రయోగం’. అది పాఠం పేరు. ఆ పాఠంలోని ఏ ప్రయోగానికైనా తగులుతుంది. ‘థయోసల్ఫేట్ ప్రయోగం’ అంటే వ్యవస్థలో సగం వచ్చింది, సంబంధం రాలేదు. థయోసల్ఫేట్‌ను అయోడిన్‌తో అంశమాపనం చేసినా అదే పేరు పెట్టవచ్చు.

తర్వాతి ప్రయత్నం ‘గాఢత చర్యారేటును ఎలా ప్రభావితం చేస్తుంది?’ అన్నది. సంబంధం వచ్చింది. కానీ ఇది ప్రశ్నావాక్యం, పైగా వ్యవస్థ మాయమైంది. గాఢత ప్రభావం అన్ని చర్యల్లోనూ ఒకేలా ఉండదు. కొన్ని చర్యల రేటు ఒక క్రియాజనకం గాఢత మీద ఆధారపడనే ఆధారపడదు. చర్య పేరు లేకుండా చెబితే, చేసిన ఒక చర్య ఫలితాన్ని అన్ని చర్యలకూ అంటగట్టినట్టవుతుంది. ‘థయోసల్ఫేట్ గాఢత పెరిగితే చర్యారేటు పెరుగుతుంది’ అన్నది ఎలాగూ ఫలితమే.

ఈ విమర్శలన్నీ విన్నాక కొందరు అంతా కలిపి ఇలా రాస్తారు: ‘సోడియం థయోసల్ఫేట్ ద్రావణానికి వివిధ గాఢతల వద్ద హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపి గుర్తు కనుమరుగయ్యే సమయాన్ని స్టాప్‌వాచ్‌తో కొలిచి చర్యారేటుపై గాఢత ప్రభావాన్ని కనుగొనడం’. ఇది వాక్యం కాదు, నిజమే. కానీ విధానమంతా శీర్షికలోకి వచ్చి కూర్చుంది. ఇంత రాసినా ఏ పదార్థం గాఢత మార్చారో చివరికి స్పష్టంగా లేదు. ఇందులోంచి కలపడం, కొలవడం, స్టాప్‌వాచ్, కనుగొనడం తీసేయాలి. ఏ నివేదికలోనైనా ఏదో ఒకటి కొలుస్తారు, ఏదో ఒకటి కనుగొంటారు కాబట్టి ఆ మాటలు ఈ ప్రయోగాన్ని మరో ప్రయోగం నుంచి వేరు చేయవు. మిగిలింది ఇది:

‘సోడియం థయోసల్ఫేట్–హైడ్రోక్లోరిక్ ఆమ్లం చర్యారేటుపై థయోసల్ఫేట్ గాఢత ప్రభావం’

వ్యవస్థ ముందు వచ్చింది: రెండు పదార్థాల మధ్య చర్య. కొలిచింది చర్యారేటు, మార్చింది థయోసల్ఫేట్ గాఢత. థయోసల్ఫేట్ అన్న మాట రెండుసార్లు వచ్చినా తీసేయకూడదు. అది లేకపోతే ఆమ్లం గాఢత మార్చారేమో అన్న అనుమానం మిగులుతుంది. అదే బృందం ఉష్ణోగ్రతను కూడా మార్చి ఇంకో వరస కొలతలు తీసుకుంటే ‘థయోసల్ఫేట్ గాఢత, ఉష్ణోగ్రతల ప్రభావం’ అంటే చాలు.

ఇక్కడ ఇంకొక సూక్ష్మం ఉంది. నిజానికి కొలిచింది సమయం, రేటు కాదు. గుర్తు మరుగుపడటానికి ప్రతిసారీ ఒకే మోతాదు గంధకం కావాలి అన్న ఆధారం మీద 1/t ని రేటుకు కొలమానంగా తీసుకుంటాం. ఆ ఆధారం నిలవాలంటే అదే ఫ్లాస్కు, అదే లోతు ద్రావణం, అదే గుర్తు, చూసే కళ్లు అవే ఉండాలి. ఈ షరతులు పాటించి, నివేదికలో 1/t లెక్క చూపించినప్పుడు శీర్షికలో ‘చర్యారేటు’ అనవచ్చు. పట్టికలో సమయాలు మాత్రమే ఇచ్చి వదిలేస్తే ‘గుర్తు కనుమరుగయ్యే సమయంపై థయోసల్ఫేట్ గాఢత ప్రభావం’ అనడమే నిజాయితీ. లెక్క వేసి రాబట్టిన రాశిని శీర్షికలో పెట్టాలంటే ఆ లెక్క నివేదికలో ఉండి తీరాలి.

‘ప్రభావం’, ‘సంబంధం’, ‘నిర్ధారణ’

శీర్షిక చివర వచ్చే మాట ప్రయోగం తీరును చెబుతుంది కాబట్టి దాన్ని అలవాటుగా వేయకూడదు. ప్రయోగం చేసేవారు ఒక రాశిని తామే మార్చి, మిగతావాటిని కదలకుండా ఉంచినప్పుడు ‘ప్రభావం’ అనే హక్కు ఉంటుంది. థయోసల్ఫేట్ ప్రయోగంలో ఆ హక్కు ఉంది.

నల్గొండ ప్రాంతంలో భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ సమస్య చిరకాలంగా ఉన్నదే. ఒక మండలంలోని బోరుబావుల నుంచి నీళ్లు తెచ్చి, ఒక్కో బావి లోతునూ, నీటిలోని ఫ్లోరైడ్‌నూ నమోదు చేసిన విద్యార్థి బావుల లోతును తాను మార్చలేదు. లోతుతో పాటు రాతి రకం, బావి వయసు, చుట్టుపక్కల వాడకం కూడా మారుతుంటాయి. అక్కడ ‘ఫ్లోరైడ్‌పై లోతు ప్రభావం’ అంటే చేసిన పనికి మించిన మాట అవుతుంది. ‘బోరుబావుల లోతుకు, నీటిలో ఫ్లోరైడ్ గాఢతకు గల సంబంధం’ అనాలి. వ్యవస్థ పేరులో హద్దు కూడా ఉండాలి. నమూనాలు ఒక్క మండలానివే అయితే శీర్షికలో ఆ మండలం పేరే రావాలి. జిల్లా పేరు రాయకూడదు.

ఒక స్థిరాంకం విలువ రాబట్టడమే పని అయినప్పుడు ‘నిర్ధారణ’ సరైన మాట. లోలకం కొలతలు రెండు నివేదికలకు పనికొస్తాయి. పొడవును మారుస్తూ కాలం ఎలా మారిందో చూపితే ‘లఘులోలకం పొడవుకు, డోలనావర్తన కాలానికి గల సంబంధం’ అనాలి. అవే కొలతలతో కాలం వర్గానికీ, పొడవుకూ గీసిన గీత వాలు నుంచి g విలువ లెక్క కట్టి, అదే ముఖ్యమని భావిస్తే ‘లఘులోలకంతో గురుత్వ త్వరణ నిర్ధారణ’ అనాలి. రెండో దాంట్లో లోలకం సాధనంగా మారింది. అప్పుడు దాని పేరు శీర్షికలో ఉండటం సబబే, ఎందుకంటే g ని కొలవడానికి ఉన్న అనేక మార్గాల్లో ఏది వాడారన్నది ఆ విలువ ఎంత నమ్మదగినదో చెబుతుంది.

శీర్షికలో తరచూ కనిపించే లోపాలు

తెలుగు శీర్షికల్లో ఎక్కువగా కనబడే లోపం విభక్తులను ఊడగొట్టడం. పొట్టిగా ఉండాలన్న తపనతో ‘రాగి తీగ నిరోధం ఉష్ణోగ్రత ప్రభావం’ అని రాస్తారు. దేని మీద దేని ప్రభావమో చదివేవారు ఊహించుకోవాలి. రాసినవారికి తెలిసిన దిశ కాగితం మీదికి రాలేదు. ‘రాగి తీగ నిరోధంపై ఉష్ణోగ్రత ప్రభావం’ అంటే పెరిగింది ఒక్క ప్రత్యయమే. ‘పై’, ‘కు’, ‘తో’, ‘లో’ అన్నవే సంబంధం దిశను మోస్తాయి; వాటిని ఎక్కడా పొదుపు చేయకూడదు.

రెండో లోపం తోక. ‘... ప్రభావంపై ఒక అధ్యయనం’, ‘... సంబంధాన్ని గురించిన ప్రయోగాత్మక పరిశీలన’ వంటి చివరి మాటలు తీసేసి చదివితే శీర్షిక ఏమీ కోల్పోదు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ రచనా మార్గదర్శి కూడా ఇలాంటి మాటలు వద్దనే చెబుతుంది. దాని ఆరో కూర్పు శీర్షిక 12 మాటలకు మించకుండా చూడమని సలహా ఇచ్చింది. ఏడో కూర్పులో ఆ సంఖ్య తీసేసి, సూటిగా, క్లుప్తంగా ఉంటే చాలంది. సమాసాలు, ప్రత్యయాలు మాటలో కలిసిపోయే తెలుగుకు మాటల లెక్క అసలే కుదరదు. శీర్షికను ఒక్క ఊపిరిలో చదివి అర్థం చేసుకోగలిగితే పొడవు సరిపోయినట్టే.

మూడోది గుర్తులు. ‘L, T ల మధ్య సంబంధం’ అని రాస్తే అది ఆ నివేదిక లోపలికి వెళ్లినవారికే అర్థమవుతుంది. గుర్తులకు అర్థం చెప్పేది లోపలి పేజీలు కాబట్టి శీర్షికలో రాశి పేరే రాయాలి.

పరిధి

ప్రతి ప్రయోగంలోనూ సంబంధం ఉండదు. ఒక పదార్థాన్ని తయారు చేసినప్పుడు, ఒక లవణంలోని అయాన్లను గుర్తించినప్పుడు, ఒక కొత్త పద్ధతిని రూపొందించినప్పుడు రెండు రాశులను వెతికి శీర్షికలో ఇరికించడం తప్పు. భీమవరంలో పుట్టి హార్వర్డ్ వైద్య కళాశాలలో పనిచేసిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో అచ్చువేసిన పత్రం పేరు ‘ఫాస్ఫరస్ వర్ణమాపక నిర్ధారణ’ అన్న అర్థం వచ్చేది. అది ఒక పద్ధతిని చెప్పే పత్రం. పద్ధతి, అది కొలిచే పదార్థం రెండూ పేరులో ఉన్నాయి. 1929లో వారే ప్రకటించిన మరో పత్రం పేరు ‘కండరంలో, కాలేయంలో ఫాస్ఫరస్ సంయోగ పదార్థాలు’ అన్న అర్థంలో ఉంటుంది. కణాలకు శక్తినిచ్చే ఏటీపీని కండరం నుంచి వేరుచేసిన సంగతి అందులో ఉంది. ఆ పేరులో సంబంధం లేదు, ఎందుకంటే వారు కొలిచింది సంబంధం కాదు. వ్యవస్థ మాత్రం స్పష్టంగా ఉంది: కండరం, కాలేయం.

కాబట్టి ఈ వ్యాసంలోని పద్ధతి ఒక రాశిని మార్చి మరొక రాశిని కొలిచిన ప్రయోగాలకు వర్తిస్తుంది. అలాంటి నివేదికకు పేరు పెట్టేటప్పుడు గ్రాఫు ముందు పెట్టుకుని దాని రెండు అక్షాల పేర్లూ, కొలతలు తీసుకున్న వ్యవస్థ పేరూ రాసి, సరైన విభక్తులతో కలిపి, చివర ‘గురించి’ చేర్చి చదివి చూడాలి. ఫలితం తిరగబడినా ఆ పేరు నిలుస్తుందనిపిస్తే అదే నివేదికకు తగిన శీర్షిక.